మార్బుల్ వేస్తే గడువు ఎన్ని రోజులు జరగాలి?

ఇల్లు కట్టించుకునేవాళ్లకూ కట్టేవాళ్లకూ మధ్య తగాదా చాలాసార్లు డబ్బు దగ్గర మొదలవదు, తేదీ దగ్గర మొదలవుతుంది. మధ్యలో ఓనరు అడిగిన మార్పులన్నిటికీ కాంట్రాక్టరు తల ఊపుతాడు. గడువు దగ్గరపడ్డాక "మీరు మార్పులు చెప్పారు కదండీ" అంటాడు. "చెప్పినప్పుడు లేట్ అవుతుందని అనలేదేం?" అని ఓనరు అడుగుతాడు. ఆ ప్రశ్నకు కాంట్రాక్టరు దగ్గర జవాబు ఉండదు. గడువు పెంపు గురించి మాట్లాడాల్సింది ఆలస్యం అయ్యాక కాదు, మార్పు అడిగిన వారంలోనే.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. తెనాలిలో ఒక రిటైర్డ్ మాస్టారు పై అంతస్తుతో కలిపి ఇల్లు కట్టిస్తున్నారు. అగ్రిమెంటు ప్రకారం మార్చి 31కి తాళాలు ఇవ్వాలి, దాటితే రోజుకు 500 రూపాయలు కోత. గృహప్రవేశం ముహూర్తం ఏప్రిల్ 12. జనవరి చివర్లో మాస్టారు మూడు మార్పులు చెప్పారు: కింద టైల్స్ బదులు మార్బుల్, పైన ఇంకో బాత్రూమ్, మెయిన్ గేటు డిజైన్ వేరే.

అనుభవం లేని కాంట్రాక్టరు ఒక్కో మార్పుకు ఇన్ని రోజులని వేసి మొత్తం కూడేస్తాడు. లెక్క తప్పేది అక్కడే. గేటు వెల్డింగ్ షాపులో తయారవుతుంది, ఇంట్లో ఏ పనీ దానికోసం ఆగదు కాబట్టి దానికి రోజులు అడగకూడదు. పైన బాత్రూమ్‌కు తొమ్మిది రోజుల పని ఉంది. గోడ కట్టి, పైపులు వేసి, వాటర్‌ప్రూఫింగ్ చేసి, నీళ్లు నిలబెట్టి లీకు చూడాలి. అయితే పై అంతస్తు పని కింది పనికంటే పది రోజులు ముందుంది, మేస్త్రీలు కూడా వేరు. ఈ తొమ్మిది రోజులు ఆ ఖాళీలోనే కలిసిపోతాయి. దీనికి అడగాల్సింది డబ్బు మాత్రమే.

అసలు రోజులు తినేది మార్బుల్. మార్చి 5న ఫ్లోరింగ్ మొదలుపెడితే టైల్స్ ఆరు రోజుల్లో అయిపోయేవి, ఆ తర్వాత మూడు వారాలు పెయింటింగ్, లైట్లు, ఫిట్టింగులకు పోయేవి. మార్బుల్ పరవడానికే పది రోజులు. కింద బెడ్డింగ్ గట్టిపడేదాకా మేస్త్రీ వారం రోజులు వదిలేయమంటాడు. ఆపైన పాలిషింగ్ మెషీన్ ఆరు రోజులు తిరగాలి. పాలిషింగ్ తడి పని. ఆ బురద గోడల మీద చిందుతుంది కాబట్టి కింది గదుల్లో ఆఖరి కోటు పెయింట్ అప్పటిదాకా వేయడానికి లేదు. మొత్తం 23 రోజులు, అంటే టైల్స్ కంటే 17 ఎక్కువ. తాళాలు ఏప్రిల్ 17కి జరుగుతాయి.

ఇక్కడ ఇంకొక నిజం దాగి ఉంది. సంక్రాంతికి ఊళ్లకు వెళ్లిన కూలీలు ఆలస్యంగా తిరిగొచ్చి ఆరు రోజులు పోయాయి. అది కాంట్రాక్టరు లోటు, మార్పులతో సంబంధం లేదు. ఆ ఆరింటినీ కూడా ఈ గడువులోకి నెట్టాలన్న ఆశ సహజమే. కానీ జీవితమంతా హాజరు పట్టీలు రాసిన మాస్టారికి క్యాలెండర్ తిరగేయడం ఎంతసేపు? ఆ ఆరు దొరికాయంటే మిగతా 17 కూడా అబద్ధమే అనుకుంటారు. వాటిని ఇంకో జత మేస్త్రీలను పెట్టి తానే పూడ్చుకోవాలి. ఆ మాట ముందే చెప్పేస్తే బేరంలో అతనికే బలం.

తేదీ ఒక్కటే పట్టుకెళితే ఓనరు నోట వచ్చేది "కుదరదు" అన్న మాటే. రెండు దారులు పట్టుకెళ్లాలి.

"మాస్టారూ, కిందంతా మార్బుల్ అంటే ఏప్రిల్ 17. ముహూర్తం దాటిపోద్ది. హాలుకీ దేవుడి గదికీ మార్బుల్ వేసి, మిగతా గదులకి టైల్సే ఉంచితే ఏప్రిల్ 8కి ఇచ్చేస్తాను."

"హాల్లో వేస్తే చాల్లేవయ్యా. చూసేదంతా హాలేగా! మరి 8 అంటే ఖాయమేనా?"

"రాయి మార్చి 1కల్లా సైటుకి చేరితే ఖాయమండీ."

రెండో దారికి ఎనిమిది రోజులు ఎలా వచ్చాయంటే, హాలు, దేవుడి గది పరవడానికి నాలుగు, వదిలేయడానికి ఏడు, పాలిషింగ్‌కు మూడు, కలిపి 14. వేరే జట్టు అదే సమయంలో మిగతా గదుల టైల్స్ పూర్తి చేస్తుంది. ఆరు తీసేస్తే ఎనిమిది. చివరి మాట కూడా గమనించండి. మార్బుల్ ఎంపిక ఓనరు చేతిలో ఉంది. రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్ నుంచి తెప్పిస్తే లారీ దారిలో ఎన్ని రోజులుంటుందో కాంట్రాక్టరు చెప్పలేడు. ఆ షరతు లేకుండా 8వ తేదీకి ఒప్పుకుంటే, ఆలస్యమంతా అతని నెత్తిన పడుతుంది.

ఇప్పుడు కాగితం. భారత ఒప్పందాల చట్టం, 1872లోని 63వ సెక్షన్ ప్రకారం పని పొందాల్సినవాడు గడువు పెంచొచ్చు. అయితే పెంచాడని నిరూపించాల్సిన పరిస్థితి వస్తే నోటిమాట నిలవదు. కోత గురించి 74వ సెక్షన్ ఉంది. అగ్రిమెంటులో రాసుకున్న మొత్తం గరిష్ఠ హద్దు మాత్రమే, కోర్టు సమంజసమనుకున్నంతే ఇప్పిస్తుంది. కానీ రోజుకు 500 కోసం ఎవరు కోర్టుకెళ్తారు? చివరి వాయిదాలో ఓనరు పట్టుకుంటాడు, అంతే. కాగితం అవసరం అక్కడే.

ఒక పేజీ చాలు. మార్పు నంబరు, అడిగిన తేదీ, ముందు ఏముండేది, ఇప్పుడేం చేస్తున్నాం, ఎంత అదనం, ఎన్ని రోజులు. గేటుకు "రోజులు: సున్నా" అని కూడా రాయాలి. రాయకపోతే ఆ మాట తర్వాత తెరమీదికొస్తుంది. బాత్రూమ్ పక్కన ఇంకో వాక్యం తప్పనిసరి. కింది స్లాబు ఇప్పటికే పోసేశారు, మామూలుగా బాత్రూమ్ వచ్చే చోట దించి పోసే స్లాబు ఇక్కడ దించలేదు. కాబట్టి లోపలి నేల గదికంటే ఆరంగుళాలు ఎత్తు వస్తుంది. ఈ మెట్టు గురించి ముందు రాయకపోతే రోజుల తగాదా కంటే అదే పెద్ద తగాదా అవుతుంది.

అడుగున ఇలా ఉండాలి: "తాళాలు అప్పగించే తేదీ మార్చి 31 నుంచి ఏప్రిల్ 8కి మారింది. రోజుకు 500 కోత ఏప్రిల్ 9 నుంచే లెక్క. చివరి వాయిదా కూడా కొత్త తేదీకే. మార్బుల్ మార్చి 1 దాటి వస్తే, ఎన్ని రోజులు దాటితే అన్ని రోజులు గడువు జరుగుతుంది. అగ్రిమెంటులోని మిగతా షరతులు యథాతథం." రెండు కాపీలు, రెండు సంతకాలు. కేంద్ర ప్రజాపనుల శాఖ పనుల్లో హిండ్రన్స్ రిజిస్టర్ అని ఒకటి నడుపుతారు. పని ఎందుకు ఆగింది, ఎప్పుడు ఆగింది, ఎప్పుడు మళ్లీ మొదలైందని అందులో రాస్తారు. చిన్న కాంట్రాక్టరు కూడా సైటులో ఒక నోటుబుక్కులో అదే చేయొచ్చు. రాయి లారీ దిగిన రోజు అందులో ఎక్కాలి.

వాట్సాప్‌లో "సరే" అన్న జవాబుకూ విలువ ఉంది. ఎలక్ట్రానిక్ పద్ధతిలో కుదిరిన ఒప్పందం ఆ ఒక్క కారణంతో చెల్లకుండా పోదని ఐటీ చట్టం 10ఎ సెక్షన్ చెబుతుంది. కానీ ఫోన్ మారితే, మెసేజ్‌లు వాటంతటవే చెరిగిపోయే సెట్టింగ్ ఉంటే ఆ జవాబు దొరకదు. అందుకే కాగితం ఫొటో తీసి పంపి, "చూశాను" అన్న జవాబు తెప్పించుకోవడం మేలు.

ఇంకో చిక్కు. ఈ మార్పుల్లో సగం అమెరికాలో ఉన్న కొడుకు అర్ధరాత్రి పంపిన ఫొటోల నుంచి పుడతాయి. అగ్రిమెంటులో ఉన్నది తండ్రి పేరు. కొడుకు చెప్పిన మార్పు తండ్రి సంతకం పెట్టేదాకా కోరిక మాత్రమే. ఆ సంతకం వచ్చేదాకా కాంట్రాక్టరు మొహమాటపడకుండా ఒక మెసేజ్ పెట్టాలి: "ఈ ఆదివారంలోగా కాగితం తిరిగి రాకపోతే పాత ప్లాన్ ప్రకారం కిందంతా టైల్సే వేస్తాం. గడువు మార్చి 31."