బాబుని కాస్త చూడవూ?

"అరగంటలో వచ్చేస్తానే, బాబుని కాస్త చూడవూ?" ఇంటి నుంచే ఉద్యోగం చేసే ఆడవాళ్లకు అపార్ట్‌మెంట్లలో ఈ మాట అలవాటే. ఇంట్లో ఉంటే ఖాళీగా ఉన్నట్టే లెక్క మరి! ఆ అరగంట రెండు గంటలవుతుంది, తర్వాత వారానికి మూడుసార్లవుతుంది.

చాలామంది ఇక్కడ సాకు వెతుక్కుంటారు. "ఇవాళ మీటింగుందే" అంటే "సరే, రేపు పంపుతా" అని జవాబొస్తుంది. అందుకే ఆ ఒక్కరోజు గురించి కాదు, మొత్తం అలవాటు గురించే మాట్లాడాలి. అదీ బాబు చెప్పులు విప్పి లోపలికొచ్చాక గుమ్మంలో కాదు, వాడూ వింటాడు. ఇద్దరూ తీరిగ్గా ఉన్నప్పుడు ఎదురుగా కూర్చుని చెప్పండి: "పనివేళల్లో వాణ్ణి చూడటం నావల్ల కావట్లేదే, ఇకమీదట కుదరదు. ఆసుపత్రి లాంటి అవసరమొస్తే మాత్రం అర్ధరాత్రయినా తలుపు కొట్టు." ఒక్కసారి 'ఏమనుకోకు' అంటే చాలు. పదేపదే అంటే బేరం మొదలవుతుంది.

కొన్నాళ్లు ఆమె ముభావంగా ఉండొచ్చు. ఉండనివ్వండి, ఆదివారం టీకి మీరే పిలవండి. అన్నట్టు, 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు క్రెష్ సౌకర్యం కల్పించాలని 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించారు. ఆఫీసులో ఆ సంగతి అడిగిందేమో టీ తాగుతూ కనుక్కోండి.