‘లీవు కుదరదు’... చెప్పడానికీ ఓ పద్ధతుంది!

సంక్రాంతి నెల వచ్చిందంటే నాచారం, మల్లాపూర్, చర్లపల్లి పారిశ్రామికవాడల్లో సూపర్‌వైజర్ల టేబుళ్ల మీద లీవు లెటర్లు గుట్టలా పేరుకుంటాయి. ఒకరిది రాజమండ్రి ప్రయాణం, ఒకరిది శ్రీకాకుళం, ఇంకొకరిది వరంగల్. ఆషాఢంలో బోనాలు, రెండేళ్లకోసారి మేడారం జాతర, దసరాకు బతుకమ్మ... సందర్భం ఏదైనా తేదీలు మాత్రం అందరివీ ఒకటే. అందరికీ ఇస్తే లైను ఆగిపోతుంది. కాబట్టి ఎవరో ఒకరికి ‘లేదు’ అని చెప్పక తప్పదు. ఆ మాట విన్న మనిషి మర్నాడు ఎప్పటిలాగే పనిలోకి వస్తాడా, మనసు విరిగి వస్తాడా అన్నది చెప్పిన తీరును బట్టే ఉంటుంది.

నాచారంలోని ఓ చిన్న ప్యాకింగ్ యూనిట్‌ను ఊహించుకోండి. లైనులో 22 మంది. అట్టపెట్టెలకు ప్లాస్టిక్ పొర చుట్టే యంత్రాన్ని నడపడం వారిలో ఇద్దరికే తెలుసు. భోగి జనవరి 14న వచ్చింది. 14, 15, 16 తేదీల్లో యూనిట్‌కు సెలవు. 13వ తేదీ సాయంత్రానికి లారీ లోడు కావాలి. ఆపరేటర్లలో చిన్నవాడు డిసెంబరు మొదట్లోనే 11 నుంచి 13 వరకు లీవు అడిగాడు, మంజూరైంది. డిసెంబరు 24న పెద్దాయన లెటర్ ఇచ్చాడు. ఆయనకు 12, 13, 17 తేదీలు కావాలి. పదిహేనేళ్ల సర్వీసు, ఊరు రాజమండ్రి దగ్గర. ఇప్పుడు సూపర్‌వైజర్ ఏం చేయాలి?

ముందు కారణం... తర్వాతే జవాబు

చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు. లెటర్ చూడగానే ‘ఇప్పుడెలా కుదురుతుంది?’ అనేస్తారు. అలా కాకుండా ఆయన్ని పక్కకు పిలిచి, ‘‘అన్నా, ఈసారి ఇంట్లో ఏమైనా విశేషమా? మీరు ఏ రోజుకల్లా ఊళ్లో ఉండాలి?’’ అని అడిగితే సగం చిక్కు అక్కడే విడిపోతుంది. ‘‘అమ్మాయి పెళ్లయ్యాక మొదటి సంక్రాంతి సార్. భోగి పొద్దున అల్లుడు వస్తాడు’’ అంటాడాయన. అసలు సంగతి అదీ! కొత్త అల్లుడు గుమ్మంలోకి వచ్చేసరికి మామగారు ఇంట్లో లేకపోతే ఎంత వెలితి? ఆ తేదీ జరపడానికి వీల్లేదు. 12, 13 తేదీల సంగతి వేరు. ఇంటికి సున్నాలు వేయించడానికీ, సరుకులు తేవడానికీ అడిగినవవి. ఆ పనులకు వేరే దారి చూసుకోవచ్చు.

అంటే ఆయన అడిగిన మూడు రోజుల్లో కాదనాల్సింది రెండే. ఒక్క ప్రశ్న వేయకపోతే ఈ తేడా బయటపడేదే కాదు. అయితే అడిగే తీరు ముఖ్యం. ‘నిజంగా అవసరమేనా?’ అంటే అది విచారణ అవుతుంది. ‘ఏ రోజు తప్పనిసరి?’ అంటే సాయపడటానికి అడిగినట్టుంటుంది.

రెండు తేదీలు... చేతిలో పెట్టాలి

‘ఇప్పుడు కాదు, తర్వాత చూద్దాం’ అనడం ప్రత్యామ్నాయం కాదు, వాయిదా. అందుకే సూపర్‌వైజర్ ముందు లీవు రిజిస్టర్ తీసి చూడాలి. చిన్న ఆపరేటర్ 17న పనిలోకి వచ్చేస్తాడు. అప్పుడు ఇలా చెప్పొచ్చు: ‘‘12, 13 తేదీలు ఇవ్వలేనన్నా. యంత్రం తెలిసినవాళ్లు మీరిద్దరే. అతను మీకన్నా ముందు అడిగాడు, ఇచ్చేశాను. ఆ రెండు రోజులూ మీకు పొద్దున 6 గంటల షిఫ్టు వేస్తాను. 13న మధ్యాహ్నం రెండింటికి బయటపడితే ఎల్బీనగర్ వెళ్లి రాత్రి బస్సు ఎక్కొచ్చు, తెల్లారేసరికి ఊళ్లో ఉంటారు. ఆ రెండు రోజుల బదులు 17తో కలిపి 18, 19 కూడా తీసుకోండి. లేదంటే 17 ఒక్కటే తీసుకుని, మిగతా రెండూ ఉగాదికి ఉంచుకోండి. ఏది కావాలో మీరే చెప్పండి.’’

ఈ మాటల్లో ‘లేదు’ మొదటే ఉంది, కారణం ఒక్కటే ఉంది. నాలుగు కారణాలు చెబితే సాకుల్లా వినిపిస్తాయి. ‘పైవాళ్లు ఒప్పుకోరు’ అని తప్పుకోవడమూ లేదు. ఎంపిక మాత్రం ఆయనకే వదిలేశాడు. పండగ బస్సుల్లో సీట్లు దొరకడం గగనం కాబట్టి ఈ జవాబు ఒకటి రెండు రోజుల్లోనే ఇవ్వాలి. ‘చూద్దాం లెండి’ అంటే కార్మికుడు ఆ మాటను ‘సరే’గా తీసుకుని టికెట్ కొనేస్తాడు. ఆ తర్వాత కాదంటే సెలవుతో పాటు డబ్బూ పోతుంది.

కాగితం మీద ఉంటేనే కార్మికుడికి రక్ష

మెత్తగా నోటిమాటతో చెప్పి పంపేస్తే చాలనుకుంటారు. కానీ కాదన్న సెలవు కాగితం మీద ఉండటం కార్మికుడికే మేలు. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ప్రకారం, పనిచేసిన ప్రతి 20 రోజులకూ ఒక రోజు చొప్పున జీతంతో కూడిన సెలవు వచ్చేది. సెలవు మొదలయ్యే తేదీకి 15 రోజుల ముందు లెటర్ ఇవ్వాల్సి ఉండేది. మన పెద్దాయన 19 రోజుల ముందే ఇచ్చాడు. వాడుకోని సెలవుల్లో వచ్చే ఏడాదికి 30 రోజులే మిగిలేవి. కానీ అడిగినా ఇవ్వని సెలవుకు ఆ పరిమితి ఉండేది కాదు, అది పూర్తిగా ముందుకు వెళ్లేది. దాని స్థానంలో 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లోనూ ఈ రక్షణ ఉంది.

నోటిమాటతో కాదంటే ఆ సెలవు అడిగినట్టు రుజువేది? అందుకే లెటర్ మీదే ‘12, 13 తేదీలు పని ఒత్తిడి వల్ల ఇవ్వలేదు. బదులుగా 18, 19 మంజూరు’ అని రాసి, సంతకం, తేదీ వేసి నకలు చేతికివ్వాలి. సూపర్‌వైజర్ మారినా ఆ మాట నిలబడుతుంది.

మాట తప్పితే...

ప్రత్యామ్నాయం ఇచ్చాక అసలు పరీక్ష మొదలవుతుంది. 13న లారీ ఆలస్యమైతే? ‘ఇంకో రెండు గంటలు ఉండన్నా’ అనాలనిపిస్తుంది. అలా అంటే పైన చెప్పినదంతా వృథా. అందుకే ఈ లోగా మూడో మనిషికి యంత్రం నేర్పించే పని పెట్టుకోవాలి. ఇద్దరికే పని తెలియడం కార్మికుల తప్పు కాదు, యాజమాన్యం లోటు. ఇక 18, 19 తేదీలను మళ్లీ రద్దు చేయడమంటే రెండోసారి కాదన్నట్టే. అలాగే ఈయనకు కాదన్న 12వ తేదీని తర్వాత వచ్చిన మరొకరికి చనువు కొద్దీ ఇస్తే, ఆ సంగతి టీకొట్టు దగ్గర సాయంత్రానికే తెలిసిపోతుంది.

ఈ పద్ధతి అన్నింటికీ పనికిరాదు. జబ్బు, చావు, కాన్పు లాంటి వాటికి వేరే తేదీలు చూపడం మర్యాద కాదు. ప్రసూతి సెలవైతే చట్టం ఇచ్చిన హక్కు. అక్కడ చూడాల్సింది మనిషికి బదులు మనిషినే.

నమ్మకం తగ్గిందో లేదో తెలుసుకోవడానికి సర్వేలు అక్కర్లేదు. లీవు రిజిస్టర్ తిరగేస్తే చాలు. ముందుగా ఇచ్చే లెటర్లు తగ్గి, పండగ పొద్దున ‘సార్, జ్వరంగా ఉంది’ అన్న ఫోన్లు పెరిగాయంటే, అడిగినా ఇవ్వరని జనం నిశ్చయించుకున్నారన్నమాట. కాదంటారేమోనన్న అనుమానం ఉన్నా 15 రోజుల ముందే లెటర్ తెచ్చి టేబుల్ మీద పెడుతున్నారా? అయితే ఆ సూపర్‌వైజర్ ‘లేదు’ మీద కూడా వాళ్లకు నమ్మకం ఉన్నట్టే!