పద్నాలుగో బెడ్‌కి ఏమైంది?

"బెడ్ 14. అపెండిక్స్ ఆపరేషన్, రెండో రోజు. షుగర్ ఉంది. రాత్రి సరిగా పడుకోలేదు, నొప్పి అన్నాడు. 10కి జ్వరం, పారాసిటమాల్ ఇచ్చాం. బీపీ కొంచెం తక్కువ. యూరిన్ కూడా తక్కువే. కూతురు బాగా కంగారు పడుతోంది. డాక్టర్‌కి చెప్పాలి. క్యాన్యులా దగ్గర వాచింది, 6 గంటల యాంటీబయాటిక్ పెండింగ్."

ఇది ఉదాహరణకు కూర్చిన కేసే. అయితే నైట్ డ్యూటీ దిగబోయే స్టాఫ్ నర్సు జేబులోని కాగితం మీద సాధారణంగా ఇలాంటి రాతే ఉంటుంది. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ ఉదయం 8కి డ్యూటీ ఎక్కే సిస్టర్ దీన్ని వింటే ఆమెకు ముందుగా గుర్తుండేది కూతురి కంగారు. ఆగిపోయిన యాంటీబయాటిక్ ఆఖరి వాక్యంలో నక్కి ఉంది.

ఈ కాగితాన్ని తిరగరాయడానికి ఆసుపత్రుల్లో వాడే పద్ధతి ఎస్‌బార్. సిచ్యుయేషన్, బ్యాక్‌గ్రౌండ్, అసెస్‌మెంట్, రికమండేషన్ అనే నాలుగు భాగాలు. ఇప్పుడు ఏం జరుగుతోంది, దాని వెనక ఉన్న సంగతులేమిటి, నర్సుకి ఏమనిపిస్తోంది, ఎవరు ఏం చేయాలి అన్నవే ఆ నాలుగూ. పుట్టింది మాత్రం ఆసుపత్రిలో కాదు, అమెరికా నౌకాదళపు అణు జలాంతర్గాముల్లో. ఆ జలాంతర్గాముల్లో పనిచేసి వచ్చిన డగ్ బొనాకమ్, డాక్టర్ మైకేల్ లెనర్డ్, సుజాన్ గ్రాహమ్ కలిసి 2000 దశకం మొదట్లో కొలరాడోలోని కైజర్ పర్మనెంటేకు దీన్ని తెచ్చారు. 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా డ్యూటీ మార్పిడికి దీన్ని సూచించింది.

తిరగరాయడం అంటే వాక్యాలను నాలుగు గళ్లలో సర్దడం అనుకుంటే పొరపాటు. ముందు కేస్ షీట్ తెరవాలి. "బీపీ కొంచెం తక్కువ" అంటే ఎంత? చార్ట్‌లో రాత్రి 10కి 126/78, ఉదయం 6కి 98/60. నాడి 92 నుంచి 118కి పెరిగింది. ఊపిరి నిమిషానికి 24 సార్లు. 6కి జ్వరం 101.2. యూరిన్ బ్యాగ్‌లో 2 నుంచి 6 గంటల మధ్య చేరింది 60 మి.లీ. మనిషి బరువు 60 కిలోలు. కిలోకి గంటకు అర మి.లీ. చొప్పున, కనీసం 120 రావాలి. వచ్చింది అందులో సగం.

విడివిడిగా చూస్తే ఏ అంకే అంత భయపెట్టదు. ఒకచోట పేర్చగానే రూపం కడుతుంది. అందుకే రాతలో మొదటి వాక్యం అపెండిక్స్ గురించి కాదు.

సిచ్యుయేషన్: "బెడ్ 14, 54 ఏళ్ల పురుషుడు. 6 గంటలకు బీపీ 98/60, నాడి 118, ఊపిరి 24, జ్వరం 101.2. నాలుగు గంటల్లో యూరిన్ 60 మి.లీ."

బ్యాక్‌గ్రౌండ్: "పగిలిన అపెండిక్స్‌కు ఆపరేషన్ అయి రెండో రోజు. షుగర్ పేషెంట్. మందుల అలర్జీ లేదు. క్యాన్యులా పాడై 6 గంటల యాంటీబయాటిక్ అందలేదు."

అసెస్‌మెంట్: "రాత్రి నుంచి దిగజారుతున్నాడు. ఇన్‌ఫెక్షన్ ముదిరి సెప్సిస్ వైపు వెళ్తున్నాడేమోనని అనుమానం."

ఈ మూడో భాగం దగ్గరే చాలామంది కలం ఆగుతుంది. రోగం పేరు చెప్పడం డాక్టర్ పని కదా అని సంకోచం. ఎస్‌బార్ అడిగేది రోగనిర్ధారణ కాదు. రాత్రంతా పక్కనే ఉన్న మనిషి అంచనా. పేరు తోచకపోతే "కారణం తెలియడం లేదు, కానీ పరిస్థితి దిగజారుతోంది" అని రాసినా చాలు.

ఇక్కడికి వచ్చేసరికి సమయం 7.15 అనుకుందాం. ఇలాంటి అంకెలు కనబడ్డాక హ్యాండోవర్ దాకా ఆగకూడదు. నిజానికి 6కే ఫోన్ వెళ్లాల్సింది. ఇదే రాతను ఫోన్‌లో డ్యూటీ డాక్టర్‌కి చదివి, "వెంటనే వచ్చి చూడండి" అని అడగాలి. చెప్పిన ఆర్డర్ రాసుకుని తిరిగి చదివి వినిపించాలి. 8 గంటలకు చేతులు మారే రికమండేషన్ అప్పుడు ఇలా ఉంటుంది: "7.20కి డ్యూటీ డాక్టర్‌కి చెప్పాం, 7.35కి చూశారు. కొత్త క్యాన్యులా వేశాం, బ్లడ్ కల్చర్ తీశాక 7.50కి యాంటీబయాటిక్ ఇచ్చాం. ఆర్డర్ ప్రకారం ఫ్లూయిడ్స్ నడుస్తున్నాయి. 8.15కి బీపీ మళ్లీ చూడాలి. యూరిన్ గంటగంటకూ కొలవాలి, 30 మి.లీ. కంటే తగ్గితే సర్జన్‌కి ఫోన్ చేయాలి."

"డాక్టర్‌కి చెప్పాలి" అన్న పాత ముక్కతో దీన్ని పోల్చి చూడండి. అందులో ఎవరు చెప్పాలో లేదు, ఎప్పుడు చెప్పాలో లేదు.

తిరగరాసేటప్పుడు జరిగే పెద్ద తప్పు ఖాళీలను ఊహతో నింపడం. 4 గంటలకు బీపీ చూడకపోతే "చూడలేదు" అని రాయాలి. నాలుగు గళ్లూ నిండినంత మాత్రాన లోపలి అంకెలు నిజమని కాదు. అందుకే ఇద్దరు సిస్టర్లూ బెడ్ దగ్గరకు వెళ్లి యూరిన్ బ్యాగ్, క్యాన్యులా కళ్లారా చూసి తీరాలి.

వార్డులో అందరికీ ఇంత రాత అక్కర్లేదు. ఏ ఇబ్బందీ లేకుండా ఇవాళ డిశ్చార్జి అయ్యే తొమ్మిదో బెడ్ పేషెంట్‌కి నాలుగు భాగాలూ కలిపి రెండు లైన్లు చాలు. మిగిలే సమయం పద్నాలుగో బెడ్‌కి వెచ్చించాలి.