ఫొటోలో వ్యాసం కనిపించింది, లెక్కలో లేదు

‘పటం స్కేలు ప్రకారం గీయలేదు’ అని జామెట్రీ వర్క్‌షీట్లలో బొమ్మ కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఫొటో తీసి వాట్సాప్‌లో పంపేటప్పుడు ఎక్కువగా కట్ అయిపోయేది ఆ లైనే. పదో తరగతి చదివే మా పిన్ని కూతురు మొన్న పంపిన ఫొటోలోనూ అంతే.

లెక్క ఇదీ. O కేంద్రంగా ఒక వృత్తం. బయట ఉన్న P నుంచి PA, PB అనే రెండు స్పర్శరేఖలు. ∠APB = 50°. P కి అవతలి వైపు, పెద్ద చాపం మీద C ఉంది. ∠OBC = 55°. మరి ∠CAB ఎంత?

తను 25° అని వేసింది. “AC సెంటర్ మీదుగానే పోతోంది కదన్నయ్యా, అంటే వ్యాసమేగా! అర్ధవృత్తంలో కోణం 90° కదా” అంది. బొమ్మ చూస్తే నిజంగానే అలా ఉంది. కానీ AC వ్యాసమని ప్రశ్నలో ఎక్కడా లేదు.

బొమ్మను పక్కన పెట్టి చూద్దాం. వ్యాసార్థం స్పర్శరేఖకి లంబం కాబట్టి A, B దగ్గర కోణాలు 90°. PAOB చతుర్భుజంలో మొత్తం 360° కావాలి, అందుకే ∠AOB = 130°. పరిధి మీద కోణం అందులో సగం, ∠ACB = 65°. ఇక OA, OB సమానం కాబట్టి ∠OBA = 25°. దానికి 55° కలిపితే ∠ABC = 80°. మిగిలింది ∠CAB = 35°.

AC వ్యాసమే అయితే ∠ABC 90° రావాలి. వచ్చింది 80°. అంటే గీత కేంద్రాన్ని కొంచెం తప్పించుకునే పోతోంది. బొమ్మలో O చుక్క లావుగా ఉండటంతో ఆ తేడా దాని కింద దాక్కుంది.

ఇందులో కెమెరాది వేరే గోల. ఫోన్ వంచి తీస్తే వృత్తం కోడిగుడ్డులా సాగుతుంది, లంబకోణం 80° లా కనిపిస్తుంది. అందుకే స్క్రీన్ మీద కోణమానిని పెట్టి కొలవడం దండగ. అయినా ఏ గీత వృత్తాన్ని తాకుతోంది, C ఏ చాపం మీద ఉంది అన్నవి మాత్రం చెడవు. బొమ్మలో చూడాల్సింది వాటినే. C చిన్న చాపం మీద ఉంటే ∠ACB 65° కాదు, 115°.

అనుమానం వస్తే నేను చేసే పని ఒకటే. బొమ్మ మళ్లీ గీసి, C ని పెద్ద చాపం మీదే కావాలని ఇంకో చోట పెడతాను. ∠ACB కదలదు, 65° అలాగే ఉంటుంది. ∠CAB మాత్రం మారిపోతుంది. దాన్ని ఆపేది ఆ 55° ఒక్కటే. ఫొటోలో ఆ అంకె కూడా కట్ అయిపోతే ఇక లెక్క తేలదు, ఇంకోసారి ఫొటో పంపమనడమే.