ఏడేళ్లకు బయటపడ్డ ఎక్స్‌పీరియన్స్ లెటర్

హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ రంగంలో ‘ఫేక్ ఎక్స్‌పీరియన్స్’ అనే మాట వినని వాళ్లు ఉండరు. డిగ్రీ అయ్యాక రెండేళ్లు ఖాళీగా ఉన్న కుర్రాడికి ఏదో ఒక కన్సల్టెన్సీ డబ్బు తీసుకుని, పేరుకే ఉన్న కంపెనీ నుంచి ఆఫర్ లెటర్, పేస్లిప్పులు, రిలీవింగ్ లెటర్ ఇప్పిస్తుంది. ఉద్యోగంలో చేరేటప్పుడు వెరిఫికేషన్ కోసం ఫోన్ చేస్తే ఆ కన్సల్టెన్సీ మనిషే ఎత్తి, ‘అవును, మా దగ్గరే పనిచేశాడు’ అంటాడు. గండం గడిచిందనుకుంటాడు కుర్రాడు.

ఏడేళ్లు గడుస్తాయి. రెండు ప్రమోషన్లు వస్తాయి, ఇంటి లోను మొదలవుతుంది. అప్పుడు కంపెనీ అతణ్ని ఒక విదేశీ బ్యాంకు ప్రాజెక్టులో వేస్తుంది. తన పని చేసే ప్రతి ఒక్కరినీ మళ్లీ వెరిఫై చేయాలన్నది ఆ బ్యాంకు షరతు. ఈసారి ఏజెన్సీ ఫోన్లతో సరిపెట్టుకోదు, యూఏఎన్ సర్వీస్ హిస్టరీ అడుగుతుంది. ఏ సంస్థలో ఎప్పుడు చేరి ఎప్పుడు మానేశారో పీఎఫ్ ఖాతాలో ఉంటుంది. అందులో ఆ రెండేళ్ల జాడ లేదు. రిపోర్టు ఎర్ర రంగులో వస్తుంది. హెచ్‌ఆర్ పిలిచి, సాయంత్రంలోగా రిజైన్ చేస్తావా, టెర్మినేట్ చేయమంటావా అని అడుగుతుంది.

ఇది ఏ ఒక్కరి కథా కాదు, తరచూ జరిగే దాన్ని ఒకచోట చేర్చి చెప్పడమే. ఇలాంటి వాళ్లందరూ ముందుగా అడిగేది ఒకటే: ఇన్నేళ్లు ఒక్క మాట పడకుండా పనిచేశాక ఎప్పటిదో తవ్వి తీసేస్తారా? తీసేయొచ్చు. మోసంతో పొందిన సమ్మతి మీద నిలిచిన ఒప్పందాన్ని, మోసపోయిన పక్షం రద్దు చేసుకోవచ్చని 1872 నాటి కాంట్రాక్టు చట్టమే చెబుతుంది. ఇన్నేళ్లు దాటితే అబద్ధం చెల్లిపోతుందని ఏ చట్టమూ అనలేదు. 1977లో తప్పుడు కుల ధ్రువపత్రంతో కేరళ పోలీసు శాఖలో చేరిన ఒక అధికారి, దాదాపు 27 ఏళ్ల సర్వీసు చూసి కనికరించమని సుప్రీంకోర్టును వేడుకున్నారు. నియామకమే మోసం అయినప్పుడు దాని మీద నడిచిన సర్వీసుకు రక్షణ ఉండదని 2004లో కోర్టు తేల్చింది. పెన్షన్ కూడా దక్కలేదు.

అలాగని ఎర్ర రిపోర్టు చూపించి సాయంత్రానికల్లా గేటు బయటికి పంపేయొచ్చని కాదు. కంపెనీలు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

మొదట చూడాల్సింది ఆ రిపోర్టు నిజంగా ఏం రుజువు చేస్తోందన్నది. పీఎఫ్‌లో పేరు లేదంటే పనిచేయలేదని కాదు. 20 మంది కంటే తక్కువ ఉద్యోగులున్న సంస్థ సాధారణంగా పీఎఫ్ చట్టం కిందికి రాదు. పీఎఫ్‌లో ఎప్పుడూ లేకుండా, 15 వేలకు మించిన మూలవేతనంతో మొదటిసారి చేరిన వాళ్లను కూడా సంస్థ బయట ఉంచొచ్చు. కొందరు పని ఒక కంపెనీలో చేస్తారు, వాళ్ల పేరోల్ మాత్రం మరో కాంట్రాక్టరు దగ్గర నడుస్తుంది. పాత కంపెనీ మూతపడి ఫోనెత్తే నాథుడు లేకపోతే ఏజెన్సీ ‘ధ్రువీకరించలేకపోయాం’ అని రాస్తుంది. దానికి, ‘ఈ పేరుతో మా దగ్గర ఎవరూ పనిచేయలేదు’ అని పాత కంపెనీ రాసిచ్చిన దానికి హస్తిమశకాంతరం ఉంది. మొదటిది అనుమానం, రెండోది సాక్ష్యం. నిజంగా పనిచేసినవాడి దగ్గర జీతం జమైన బ్యాంకు స్టేట్‌మెంటో, టీడీఎస్ కనిపించే ఫారం 26ఏఎస్సో, అప్పటి మెయిల్సో ఏదో ఒకటి దొరుకుతుంది. మన కుర్రాడి దగ్గర అవేవీ ఉండవు. అతని సంగతి వేరు.

రెండోది, అబద్ధం ఎంత పెద్దదన్నది. ఇక్కడ అందరూ చెప్పుకునేది అవతార్ సింగ్ కేసు. 2016 జులై 21న సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇచ్చిన తీర్పు అది. ప్రభుత్వోద్యోగంలో చేరేటప్పుడు పోలీసు కేసుల విషయం దాచడం గురించి వచ్చిన వివాదమే అయినా, అందులోని తర్కం ఇతర కేసులకూ పనికొస్తుంది. ఫారంలో స్పష్టంగా అడిగారా, అతనికి ఆ సంగతి తెలుసా, దాచింది చిల్లర విషయమా, ఆ ఉద్యోగానికి సంబంధించినదా అన్నవన్నీ యజమాని తూచి చూడాలి. గుడ్డిగా తీసేయకూడదు. రిలీవింగ్ తేదీ పదిహేను రోజులు అటూ ఇటూ రాసినవాడిని, లేని రెండేళ్ల అనుభవం పుట్టించినవాడిని ఒకే గాట కట్టడం అన్యాయమే. అయితే మూడేళ్ల అనుభవం తప్పనిసరి అన్న పోస్టుకు ఒక్క ఏడాదే ఉన్నవాడు రెండేళ్లు కలిపి చూపిస్తే, అది లేకుండా అతనికి ఇంటర్వ్యూయే దక్కేది కాదు. దాన్ని చిన్న తప్పని ఏ కోర్టూ అనదు.

ఆ తీర్పులోనే మరో ముఖ్యమైన మాట ఉంది. ఉద్యోగం ఖరారైన వ్యక్తిని సమాచారం దాచాడనో అబద్ధం చెప్పాడనో తీసేయాలంటే ముందు శాఖాపరమైన విచారణ జరపాలి. ప్రైవేటులోనూ స్టాండింగ్ ఆర్డర్లు వర్తించే చోట పద్ధతి దాదాపు ఇంతే. షోకాజ్ నోటీసు, ఛార్జిషీటు, ఏజెన్సీ రిపోర్టు కాపీ, జవాబుకు గడువు, విచారణలో సాక్షిని ఎదురు ప్రశ్నించే అవకాశం, చివర కారణాలు రాసిన ఆర్డరు ఉండాలి. రిపోర్టు కాపీ ఇవ్వకుండా ‘కాన్ఫిడెన్షియల్’ అని దాచిన కంపెనీ తన కేసును తానే బలహీనపరుచుకుంటుంది.

నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది మూడో ప్రశ్న: కంపెనీకి ఎప్పుడు తెలిసింది? ఆలస్యాన్ని అబద్ధమాడిన రోజు నుంచి కాదు, అది బయటపడ్డ రోజు నుంచి లెక్కగట్టాలి. మన కుర్రాడి విషయం చేరిన ఏడాదికే హెచ్‌ఆర్‌కు తెలిసి, ప్రాజెక్టు నడుస్తోంది కదా అని ఫైలు పక్కన పెట్టి, ప్రమోషన్లు కూడా ఇచ్చి, ఇప్పుడు మనుషుల్ని తగ్గించుకునే వేళ దుమ్ము దులిపితే, తెలిసీ ఒప్పుకున్నారనే వాదన గట్టిగా నిలుస్తుంది. హైదరాబాద్ నగరపాలక సంస్థ ప్లానింగ్ అధికారి ఒకరి మీద 1987లో వచ్చిన నివేదికకు 1995లో ఛార్జి మెమో ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సుప్రీంకోర్టు దాకా వెళ్లినా, 1998లో కోర్టు ఆ విచారణను నిలబెట్టలేదు. అది రెజ్యుమె కేసు కాదు, కానీ ఫైలు చేతిలో పెట్టుకుని కారణం లేకుండా ఏళ్లు నానబెట్టకూడదన్న సూత్రం ఇక్కడా పనిచేస్తుంది.

పద్ధతి తప్పి తీసేశారని రుజువైనా అందరికీ ఒకే ఫలం దక్కదు. కార్మికుడి నిర్వచనంలోకి వచ్చేవాడికి లేబర్ కోర్టు తిరిగి ఉద్యోగం ఇప్పించగలదు, శిక్షను తగ్గించనూ గలదు. మేనేజరు స్థాయి ప్రైవేటు ఉద్యోగికి సాధారణంగా నష్టపరిహారమే. సాయంత్రంలోగా రిజైన్ చేయమన్నప్పుడు సంతకం పెట్టేస్తే ఆ దారి కూడా చాలావరకు మూసుకుపోతుంది, ఎందుకంటే స్వచ్ఛందంగా వెళ్లాడని కంపెనీ అంటుంది. బలవంతం చేశారని నిరూపించాల్సిన భారం అతని నెత్తినే పడుతుంది. నకిలీ పత్రం నిజంగానే ఉన్నవాడు కూడా, పోలీసు కేసు తప్పుతుందన్న భయంతో సంతకం పెట్టే ముందు ఒక లాయరుకు కాగితాలు చూపించుకోవడం మంచిది. ఫోర్జరీ నేరం రాజీనామాతో మాసిపోదు.

ఇక డబ్బు. పీఎఫ్ జోలికి కంపెనీ పోలేదు. గ్రాట్యుటీకి మాత్రం ఆ ధీమా లేదు. తప్పుడు జనన ధ్రువపత్రంతో బొగ్గు కంపెనీలో చేరిన ఒక ఉద్యోగి కేసులో, మొత్తం గ్రాట్యుటీని నిలిపేయడాన్ని 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు సమర్థించింది. అందుకు క్రిమినల్ కోర్టులో శిక్ష పడనక్కర్లేదంది. అదే తీర్పులో, ఛార్జీలు వసూలు చేసి కట్టని మహారాష్ట్ర ఆర్టీసీ కండక్టర్లకు కోతను పావు వంతుకే పరిమితం చేసింది.