ఆవకాయ సీసా – లేబులు భాష: ఆకర్షణ, సమాచారం, చట్టం

వ్యాససంగ్రహం:
ప్యాకింగు సరుకును కాపాడుతుంది. లేబులు దానిని గురించి కొనుగోలుదారుతో మాట్లాడుతుంది. తెలుగునాట అమ్ముడయ్యే సీసా ఆవకాయను ఉదాహరణగా తీసుకుని, లేబులుపై ఒప్పించే మాట ఏ భాషలో ఉంటుంది, తెలియజెప్పే మాట ఏ భాషలో ఉంటుంది, ఈ రెంటి నడుమ చట్టం ఎక్కడ నిలుస్తుంది అనే అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: ప్యాకింగు, లేబులు, ఆవకాయ, వినియోగదారుడు, తెలుగు.

1. జాడీ నుండి సీసాకు:
ఇంటి జాడీలో ఊరగాయ నిలవ ఉండటానికి ఉప్పు, కారం, ఆవపిండితోపాటు ముక్కలపై తేలే నూనె ముఖ్యకారణం. ఆ నూనెపొర గాలిని ముక్కకు తగలనివ్వదు. జాడీ కదలదు కనుక ఆ పొర చెదరదు. అంగడికి వెళ్లే సీసా లారీలో కుదుపులకు లోనవుతుంది, పక్కకు ఒరుగుతుంది. నూనె తొలగిన చోట ముక్క బయటపడి బూజు పట్టే అవకాశం ఏర్పడుతుంది. సీసా మూతికి అతికించే అల్యూమినియం రేకు నూనె కారకుండా, గాలి చొరకుండా చూస్తుంది. చాలామంది తయారీదారులు దీనికితోడు సోడియం బెంజోయేట్ వంటి నిలవకారకాన్ని కలుపుతారు. అది పదార్థాల పట్టికలో ఐ.ఎన్.ఎస్. 211 అనే సంఖ్యగా కనిపిస్తుంది. ఇంటి జాడీకి, అంగడి సీసాకు ఉన్న ఈ తేడాను లేబులు ముందుభాగం చెప్పదు.

2. ముందు తెలుగు, వెనుక ఆంగ్లం:
ఒక ఊహాత్మక లేబులును పరిశీలిద్దాం. ముందుభాగంలో ‘అమ్మమ్మ చేతి ఆవకాయ’ అనే పేరు, జాడీ బొమ్మ, ‘నువ్వుల నూనెతో’ అనే మాట పెద్ద తెలుగు అక్షరాలలో ఉన్నాయి. వెనుక చిన్న ఆంగ్ల అక్షరాలలో మామిడిముక్కలు, తవుడు నూనె, ఉప్పు, కారం, ఆవపిండి, నువ్వుల నూనె (4 శాతం), ఐ.ఎన్.ఎస్. 211 అని వరుసగా ఉన్నాయి.

ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2020 నాటి లేబులింగ్ నిబంధనల ప్రకారం పదార్థాలను బరువులో ఎక్కువనుండి తక్కువకు వరుసగా రాయాలి. కనుక ఇందులో ప్రధానమైన నూనె తవుడు నూనె అని వరుసనుబట్టే తెలుస్తుంది. ఒక పదార్థాన్ని మాటతోగాని బొమ్మతోగాని ప్రత్యేకంగా చూపితే దాని శాతాన్ని కూడా తెలపాలి. ‘4 శాతం’ అన్నది అలా వచ్చినదే. ముందున్న తెలుగు మాట అబద్ధం కాదు. దాని అసలు విలువ మాత్రం వెనుకనున్న ఆంగ్లంలో ఉంది.

ఈ భాషాభేదానికి చట్టంలోనే చోటుంది. తప్పనిసరి వివరాలు ఆంగ్లంలోగాని దేవనాగరి లిపిలోని హిందీలోగాని ఉంటే చాలు. ఇతర భాషలను అదనంగా వాడుకోవచ్చు. అంటే తెలుగు నిషిద్ధం కాదు, తప్పనిసరీ కాదు. ఫలితంగా తయారీదారు తెలుగును అమ్మకానికి పనికివచ్చే చోట వాడి, తక్కిన చోట వదిలివేయగలడు.

3. మాటపై అదుపు, బొమ్మపై సందిగ్ధత:
2018 నాటి ప్రకటనల నిబంధనలు వినియోగదారునికి తప్పుడు అభిప్రాయం కలిగించే ‘ఇంట్లో చేసినది’ వంటి మాటలను అనుమతించవు. ‘స్వచ్ఛమైన’, ‘అసలైన’ వంటి విశేషణాలు వ్యాపారనామంలో ఉండి పొరబాటుకు తావిస్తే, అది కేవలం వ్యాపారనామమేనని, సరుకు స్వభావాన్ని తెలపదని లేబులుపై రాయాలి. అయితే అమ్మమ్మ బొమ్మ, జాడీ బొమ్మ ఏ మాటా అనకుండానే ఇంటిరుచిని స్ఫురింపజేస్తాయి. మోసగించే చిత్రణను చట్టం సాధారణంగా నిషేధించినా, స్ఫురణ ఎక్కడ మోసమవుతుందో తేల్చడం కష్టం. వాచ్యాన్ని పట్టుకున్నంత సులభంగా ధ్వనిని పట్టుకోలేం.

4. పరిమాణం – ధర:
2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనలు తయారీదారు చిరునామా, నికర పరిమాణం, అన్ని పన్నులతో కలిపిన గరిష్ఠ చిల్లర ధర, ఫిర్యాదు చేయవలసిన వివరాలు మొదలైనవాటిని తప్పనిసరి చేశాయి. తరువాతి సవరణతో యూనిట్ ధర కూడా చేరింది. పై ఉదాహరణలో సీసా మొదట 400 గ్రాములు, 200 రూపాయలు అనుకుందాం. తరువాత అంతే ఎత్తుతో, అడుగు మందంగా ఉన్న సీసాలో 320 గ్రాములు పోసి 176 రూపాయలకు అమ్మారు. చూపుకు ధర తగ్గింది. గ్రాముకు మాత్రం 50 పైసలనుండి 55 పైసలకు, అంటే పదిశాతం పెరిగింది. సీసా ఆకారం దాచిన ఈ మార్పును యూనిట్ ధర ఒక్క అంకెతో బయటపెడుతుంది. అంకె చదవడానికి ఆంగ్లం రానక్కరలేదు. పదార్థాల పట్టికకు ఆ సౌలభ్యం లేదు.

ముగింపు:
పై ఉదాహరణలో నిబంధన ఏదీ తప్పలేదు. అయినా తెలుగు మాత్రమే చదవగలిగిన కొనుగోలుదారుకు ‘నువ్వుల నూనెతో’ అన్నది అందింది, ‘తవుడు నూనె’ అందలేదు. లేబులుపై ఏ భాషలో ఆకర్షణ ఉందో ఆ భాషలోనే పదార్థాల పట్టిక కూడా ఉండాలనే నియమం ఉంటే ఈ అంతరం చాలావరకు తొలగుతుంది. ప్రస్తుత నిబంధనలు అందుకు అవకాశమిచ్చాయిగాని బాధ్యతగా విధించలేదు.