రిటైరైన తర్వాత వైద్యానికి వేరే నిధి

దేవుని కృపవలన మనవారు ఇప్పుడు ఎక్కువకాలం జీవిస్తున్నారు. అయితే బి.పి., షుగరు మాత్రలు కూడా అంతకాలం కొనాలి. ఇంటిఖర్చుకూ వైద్యానికీ ఒకే డిపాజిట్టు మీద ఆధారపడే కుటుంబాలు ఇక్కడే ఇబ్బంది పడతాయి.

బియ్యం, పప్పుల ధరలు పెరిగినా మీరు తినే పరిమాణం పెరగదు. వైద్యం అలా కాదు. మందుల ధర పెరుగుతుంది, వయస్సుతోపాటు మందుల సంఖ్యా పెరుగుతుంది. షుగరుతో మొదలైనది కొన్నేళ్లకు కళ్లు, మూత్రపిండాల పరీక్షలదాకా వస్తుంది. అందుచేత మామూలు ధరల పెరుగుదలను ఈ ఖర్చుకు లెక్కగా తీసుకోరాదు.

ఒక ఉదాహరణ చూడండి. 50 ఏళ్ల దంపతులకు మందులు, పరీక్షలకు ఇప్పుడు నెలకు 3,000 రూపాయలు, అంటే ఏడాదికి 36,000 అవుతోంది. ఇది ఏటా 6 శాతం పెరిగితే 60వ ఏట సుమారు 64 వేలవుతుంది. 12 శాతం పెరుగుతుందనుకుంటే 1 లక్షా 12 వేలు.

ఆ తర్వాత 20 ఏళ్లకు ఎంత కావాలి? ఖర్చుతో సమానంగా సొమ్ము కూడా పెరిగితే 20 రెట్లు, అంటే సుమారు 22.5 లక్షలు చాలు. కాని ఆ సొమ్మంతా 7 శాతం వడ్డీ ఫిక్సెడ్ డిపాజిట్టులో ఉండి, ఖర్చు మాత్రం 12 శాతం చొప్పున పెరుగుతూ ఉంటే, 74వ ఏటనే అది నిండుకుంటుంది. సరిగ్గా వైద్యం ఎక్కువగా అవసరమయ్యే వయస్సది! చివరిదాకా రావాలంటే దాదాపు 36 లక్షలు ఉండాలి. వడ్డీపై పన్ను ఇందులో కలపలేదు.

కనుక నిధిని రెండు భాగాలు చేయండి. రాబోయే మూడేళ్ల ఖర్చు బ్యాంకులోనో పోస్టాఫీసులోనో ఉంచండి. మిగిలినది ఈక్విటీ మ్యూచువల్ ఫండులో పెరగనివ్వండి. దానికి హామీ లేదు, కొన్ని సంవత్సరాలు తగ్గుతుంది కూడా. అలా తగ్గినపుడు దాన్ని అమ్మకుండా బ్యాంకు సొమ్ముతో నెట్టుకురావచ్చు. పెరిగిన ఏడాది మళ్లీ బ్యాంకు భాగాన్ని నింపండి. ఈ ఖాతా వేరుగా ఉండాలి. మనవరాలి పెళ్లికి, ఇంటి మరమ్మతుకు దీన్ని ముట్టరాదు.

ఆరోగ్య బీమా ఉంది కదా అంటారు. 2024 అక్టోబరు నుండి 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆయుష్మాన్ భారత్ కింద కుటుంబానికి ఏటా 5 లక్షల వరకు చికిత్స లభిస్తోంది. తప్పక కార్డు తీసుకోండి. కాని అది ఆస్పత్రిలో చేరినపుడే. రోజూ వేసుకునే మాత్రలు, కళ్లజోడు, ఇంట్లో చూసుకునే ఆయా జీతం మీరే భరించాలి.

మందుల షాపు, ల్యాబు రసీదులు ఒక కవరులో వేసి, ఏటా మార్చిలో కూడండి. నిరుటికంటే ఎంత శాతం పెరిగిందో చూడండి. వరుసగా రెండేళ్లు 12 శాతం దాటితే, నెలనెలా నిధికి వేసే మొత్తాన్ని ఆ ఏప్రిల్ నుండే పెంచండి.